సరంగు ముఖం మీద వెలుగు



కొన్నేళ్ల కిందట ఒక కథల సంపుటికి ముఖచిత్రం వేసే పని నాకు వచ్చింది. గోదావరి మీద లాంచీ నడిపే ఒక ముసలి సరంగు కథ అది. చదివిన రాత్రే, చేతికందిన కాగితం మీద పెన్సిల్‌తో ఆయన తల గీసేశాను. పొడుగాటి ముక్కు, పీక్కుపోయిన బుగ్గలు, ముందుకు చాచిన మెడ, కాస్త పైకెత్తిన ఎడమ కనుబొమ, తలకు తెల్లటి పాగా. పది నిమిషాల గీతలే కానీ, మనిషి అందులో కూర్చుని ఉన్నాడు. పుస్తకం వేసేవాళ్లు ఆ స్కెచ్ చూసి, ఈయన్నే నిజం మనిషిలా, చర్మం, ముడతలు, నెరిసిన గడ్డం అన్నీ కనబడేలా వేసి ఇవ్వమన్నారు.

అందుకు ఎదురుగా ఒక మనిషి ఉండాలి. మా పెదనాన్నకు అప్పటికే డెబ్బై దాటాయి. ఆయన్ని కూర్చోబెట్టి, తలకు పాగా చుట్టి, ఫోనుతో ఒక ఫొటో తీశాను. స్కెచ్ ఒక పక్కన, ఫొటో ఒక పక్కన పెట్టుకుని వారం రోజులు వేశాను. అయిపోయాక ఇంట్లోవాళ్లు చూసి, "అబ్బ, అచ్చం పెదనాన్నే!" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం పని చెడిపోయిందని అప్పుడే తెలిసింది. చర్మం చర్మంలాగే ఉంది, పాగా గుడ్డలాగే ఉంది. సరంగు మాత్రం ఎక్కడా లేడు.

చేత్తో గీసిన పాత్రకు ఫొటో ఆసరాతో ప్రాణం పోయబోయిన ప్రతివాళ్లకూ ఇది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. స్కెచ్‌లో ఉన్నవి గీతలు. ఫొటోలో ఉన్నది సమస్తం. ఏమీ చెప్పని గీత పక్కన అన్నీ చెప్పే ఫొటో ఉంటే, కన్ను ఫొటో వైపే పోతుంది. చెయ్యి కూడా దాని వెంటే పోతుంది. రెండోసారి మొదలుపెట్టేటప్పుడు నేనొక కట్టడి పెట్టుకున్నాను. ఆకారం విషయంలో స్కెచ్ మాటే చెల్లాలి. వెలుగు విషయంలో ఫొటో మాటే చెల్లాలి. వినడానికి సులువుగానే ఉంది. చిక్కంతా ఎక్కడంటే, నీడ అనేది ఆకారం, వెలుగు రెండూ కలిసి పుట్టించేది. అది ఎవరి మాట వినాలి? ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ నీడ గురించే.

ముందు స్కెచ్‌ను చదవాలి. అందులో ఉన్న ప్రతి వంకరా నేను కావాలని వేసింది కాదు. కొన్ని చెయ్యి జారి పడినవి. ఏది ఏదో తేల్చుకోవడానికి నేను చేసే పని ఇది. స్కెచ్‌ను బీరువాలో పెట్టేసి, చూడకుండా అదే మనిషిని ఇంకో రెండుసార్లు గీస్తాను. ఒకటి పొద్దున, ఒకటి మర్నాడు. మూడూ పక్కపక్కన పెడితే మళ్లీ మళ్లీ వచ్చింది నా ఉద్దేశం, మారిపోయింది చేతి పొరపాటు. సరంగు ముక్కు మూడింటిలోనూ పొడుగ్గానే వచ్చింది. ఎడమ కనుబొమ మూడింటిలోనూ లేచే ఉంది. పాగా ఎత్తు మాత్రం మూడు రకాలుగా ఉంది.

మొదటి స్కెచ్‌లో స్కేలు పెట్టి కొలిచాను. కళ్ల దగ్గర్నుంచి గడ్డం కిందిదాకా 7 సెంటీమీటర్లు, కళ్ల దగ్గర్నుంచి పాగా పైదాకా 5 సెంటీమీటర్లు. నిజమైన తలలో కళ్లు ఇంచుమించు సగం ఎత్తులో ఉంటాయి. అంటే పైన పుర్రెకే 7 కావాలి, దాని మీద గుడ్డ మందం ఇంకో సెంటీమీటరో ఒకటిన్నరో. నేను ఆ మనిషికి నడినెత్తి లేకుండా చేశానన్న మాట. గీతల్లో అది ఎవరికీ తెలియలేదు. దానికి చర్మం తొడిగితే మాత్రం చూసేవాళ్లకు ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఎక్కడో చెప్పలేరు. దాన్ని సరిచేశాను.

ముక్కు సంగతి వేరు. అది ఉద్దేశమే కాబట్టి ఉండాలి. ఎంత ఉండాలన్నదే ప్రశ్న. బొమ్మలు నేర్పేవాళ్లు ముఖాన్ని నుదుటి పైన జుట్టు మొదలయ్యే చోటి నుంచి కనుబొమ దాకా, అక్కణ్నుంచి ముక్కు కింది దాకా, అక్కణ్నుంచి గడ్డం కింది దాకా మూడు సమాన భాగాలుగా చూడమంటారు. నా స్కెచ్‌లో ముక్కు భాగం గడ్డం భాగానికి ఒకటిన్నర రెట్లుంది. గీతల్లో ఆ అతిశయం అందం. అదే ముక్కుకు చర్మం మీది గుంటలు, మెరుపు, సన్నటి నరం కనబడేలా వేస్తే, చూసే కన్ను దాన్ని ఒక మనిషి స్వభావంగా కాక జబ్బుగా చదువుతుంది. అందుకని ఒకటింబావుకు తగ్గించాను. ఇది సూత్రం కాదు, ఒక్కో బొమ్మకు వేసి చూసుకోవలసిందే. వాస్తవానికి దగ్గరయ్యే కొద్దీ అతిశయాన్ని తగ్గించాలి, చెరిపెయ్యకూడదు. నాకు తెలిసింది అంతవరకే.

ఇక ఫొటో. మొదటిసారి నేను తీసిన ఫొటోయే తప్పు. పెదనాన్న ముఖానికి సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో ఫోను పెట్టి తీశాను. ముక్కు కొన నుంచి చెవి దాకా లోతు ఓ 12 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఫోనుకు ముక్కు 40 దూరంలో ఉంటే చెవి 52 దూరంలో ఉంది. ఎంత దగ్గరుంటే అంత పెద్దగా పడుతుంది కాబట్టి, చెవితో పోలిస్తే ముక్కు ఇంచుమించు మూడోవంతు పెద్దదై వచ్చింది. చెవులు వెనక్కి పోయాయి, ముఖం చేపలా ముందుకు ఉబ్బింది. అదే మనిషికి 2 మీటర్ల దూరం జరిగి జూమ్ చేసి తీస్తే ఆ తేడా ఆరు శాతానికి పడిపోతుంది. అప్పటినుంచీ నేను రెండు మీటర్ల లోపల నిలబడి ముఖం ఫొటో తియ్యలేదు.

రెండో తప్పు వెలుగుది. వరండాలో అన్ని వైపుల నుంచీ వెలుగు వస్తున్న చోట కూర్చోబెట్టాను. నీడలు ఒకదాన్నొకటి తినేశాయి. పైగా ఈ కాలపు ఫోన్లు చీకటి భాగాలను వాటంతటవే పైకి తేలుస్తాయి. చూడ్డానికి బాగుంటుంది. బొమ్మ వేసేవాడికి మాత్రం కావలసిన లోతే పోతుంది. రెండోసారి పెదనాన్నను లోపలి గదిలో కూర్చోబెట్టి, మిగతా తలుపులన్నీ మూసి, ఆయన కుడి వైపు ఒక్క కిటికీ తెరిచాను. ఫ్లాష్ లేదు. ఫోను తెర మీద ముఖాన్ని తాకి, వెలుతురు తగ్గించే గీతను కొంచెం కిందికి జరిపాను, నీడ నీడలాగే ఉండటానికి. ఫోనును స్కెచ్‌లో చూపు ఎక్కణ్నుంచి ఉందో ఆ ఎత్తులోనే, అంటే ఆయన కళ్లకు కాస్త కిందగా పట్టుకున్నాను. మెడ ముందుకు చాచమన్నాను. ఆకారం స్కెచ్‌దే అయినా, తల వాలు రెండింటిలో ఒకటి కాకపోతే ఫొటోలోని వెలుగు ఒక్కటీ పనికిరాదు.

ఆ తర్వాత స్కెచ్‌ను పెద్ద కాగితం మీదికి ఎక్కించాను. రెండేసి సెంటీమీటర్ల గళ్లు స్కెచ్ మీద, నాలుగేసి సెంటీమీటర్ల గళ్లు పెద్ద కాగితం మీద. ఒక్కో గడిలో గీత ఎక్కడ ప్రవేశించి ఎక్కడ బయటికి పోయిందో చూసి వేసుకుంటూ పోయాను. ఫొటోను దీనికి వాడలేదు. అద్దం కింద పెట్టి దిద్దనూ లేదు. ఈ దశలో ఫొటో బల్ల మీద బోర్లా పడుకుని ఉండాలి.

ఇప్పుడు నీడ దగ్గరికి వద్దాం. మీ ఇంట్లో కోడిగుడ్డు ఉంటే, ఈ ప్రసంగం అయ్యాక ఒక్కసారి కిటికీ పక్కన తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. కిటికీ వైపు వెలుగు. అది గుడ్డు ఒంపుతో పాటు మెల్లగా తగ్గుతూ వచ్చి, ఒకచోట చిక్కటి పట్టీ అవుతుంది. ఆ పట్టీ దాటాక చీకటి ఇంకా పెరుగుతుందనుకుంటాం, కానీ పెరగదు, కొంచెం తేలికవుతుంది. కింద కాగితం మీద పడ్డ వెలుగు ఎగిరి మళ్లీ గుడ్డును తాకుతోంది కాబట్టి. ఆ తర్వాత గుడ్డు కాగితం మీద వేసిన నీడ వేరే. ముఖంలో ప్రతి ఒంపూ ఒక చిన్న గుడ్డే. ఎగిరి తాకిన ఆ వెలుగు ఎంత ముద్దుగా కనబడినా, వెలుగు వైపున ఉన్న అన్నిటికంటే మసకైన చోటు కంటే తెల్లగా ఉండకూడదు. ఉంటే నీడ చిల్లులు పడి, ముఖం తగరపు రేకులా అయిపోతుంది.

పెదనాన్న కొత్త ఫొటోలో ముక్కు కింద నీడ ఎడమ పక్కకు వాలి, పై పెదవి మీద కొంత దూరం దిగింది. మొదటి బొమ్మలో నేను వరండా ఫొటోలో మిగిలిన కాస్త ముక్కు నీడను ఉన్నదున్నట్టు దించాను. అక్కడే సరంగు పోయాడు. ఎలాగో చెబుతాను. పెదనాన్న ముక్కు ముఖం నుంచి దాదాపు 2 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. దాని నీడ కిందికి దాదాపు 1 సెంటీమీటరు దిగింది. అంటే ఆ గదిలో ఆ వేళ కిటికీ వెలుగు చెప్పే లెక్క రెండుకు ఒకటి. ఫొటో నుంచి తీసుకోవలసింది ఆ లెక్కే. ఆ నీడ ఆకారాన్ని తీసుకోకూడదు. సరంగు ముక్కు అదే కొలతలో 3 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. కాబట్టి ఆయన ముక్కు నీడ ఒకటిన్నర దిగాలి. పై పెదవి మీద మధ్యలోనే ఆగకూడదు, పెదవి ఎరుపు మొదలయ్యే అంచును తాకాలి. మూడు సెంటీమీటర్ల ముక్కును గీసి దాని కింద రెండు సెంటీమీటర్ల ముక్కు నీడ పెడితే, చూసేవాడి కన్ను నీడనే నమ్ముతుంది, గీతను నమ్మదు. ముక్కు పొట్టిదైపోతుంది, లేదా అతికించినట్టుంటుంది. నా మొదటి బొమ్మలో పొట్టిదైపోయింది. పెదనాన్న ముక్కు అయిపోయింది.

ఇంకో సంగతి. కిటికీ వెడల్పాటి వెలుగు. అలాంటి వెలుగులో నీడ పుట్టిన చోట అంచు కత్తితో కోసినట్టుంటుంది, దూరం పోయేకొద్దీ చెదిరిపోతుంది. సరంగు నీడ పొడుగు కాబట్టి, ముక్కు కింద అంచు గట్టిగా ఉండి, పెదవి దగ్గరికి వచ్చేసరికి పొగలా కలిసిపోవాలి. ఈ ఒక్క అంచును సరిచేసేసరికి ముక్కు కాగితం మీంచి లేచి వచ్చింది.

బుగ్గలు ఇంకా కష్టం. పెదనాన్నకు నిండు బుగ్గలు, సరంగుకు పీక్కుపోయిన బుగ్గలు. ముక్కుకైతే లెక్క వేసుకోగలిగాను. ఫొటోలో అసలు లేనే లేని గుంటకు లెక్క ఎక్కణ్నుంచి వస్తుంది? అమెరికన్ చిత్రకారుడు జేమ్స్ గర్నీ, 1992లో డైనోటోపియా పుస్తకం తెచ్చినాయన, ఊహాలోకపు జీవులకు చిన్న చిన్న బొమ్మలు చేసి, వాటి మీద వెలుగు వేసి చూసి రంగులు వేస్తారు. నేను ఆ దారే పట్టాను. వినాయక చవితికి తెచ్చిన మట్టి కొంత మిగిలి ఉంది. పిడికిలంత తల చేశాను. కళ్లూ పెదవులూ పెట్టలేదు. బుగ్గ ఎముక, దాని కింద బొటనవేలితో నొక్కిన గుంట, దవడ అంచు, పొడుగు ముక్కు. అంతే. దాన్ని పెదనాన్న కూర్చున్న కుర్చీ మీదే, ఆయన తల ఉన్న ఎత్తుకు పుస్తకాలు పేర్చి పెట్టి, అదే వేళకు అదే కిటికీ తెరిచాను. బుగ్గ ఎముక మీద వెలుగు ఒక అంచులా నిలిచింది. కింద గుంట చీకటి. నేను ఊహించనిది ఏమిటంటే, ఆ గుంట అడుగున దవడ మళ్లీ వెలుగులోకి వచ్చింది. నేను కళ్లు మూసుకుని వేసి ఉంటే బుగ్గ కింద నుంచి గడ్డం దాకా నల్లగా పూసేసేవాణ్ని. వెలుగు, చీకటి, మళ్లీ వెలుగు, ఆ వరసే పీక్కుపోయిన ముఖాన్ని చేస్తుంది.

అయితే మట్టి చర్మం కాదు. మట్టికి మెరుపు లేదు. చర్మం సంగతికి మళ్లీ ఫొటో దగ్గరికే రావాలి. ఇక్కడ మన ముఖాల విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలని ఉంది. షేడింగు నేర్పే పాత పుస్తకాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవి, అవి చూపేవి తెల్లటి చర్మాలు. తెల్లటి చర్మంలో ఒంపును వెలుగు నుంచి నీడకు జారే మెట్లే చెబుతాయి. చామనఛాయలో, నలుపులో లోపలికి దిగిన వెలుగులో ఎక్కువ భాగాన్ని చర్మమే పీల్చుకుంటుంది. కానీ పైపొర మీద నుంచి నేరుగా తిరిగి వచ్చే మెరుపు అన్ని రంగుల చర్మాలకూ ఇంచుమించు ఒకటే. చర్మం రంగు ముదురయ్యే కొద్దీ ఆ మెరుపు ఎక్కువగా తెలుస్తుంది. గోదావరి ఎండలో బతికిన సరంగు నుదుటి మీద, ముక్కు దూలం మీద, బుగ్గ ఎముక మీద ఆ మెరుపులు ఏ ఆకారంలో ఉన్నాయో ఆయన పుర్రె అదే ఆకారంలో ఉంటుంది. వాటిని వదిలేసి మొత్తం ముఖాన్ని ఒకే ముదురు బూడిద రంగుతో నింపితే మనిషి మసిబొగ్గు అవుతాడు. నల్లటి ముఖాలను అలా చదును చేసేసిన బొమ్మలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ ముఖాన్ని వాళ్లు సరిగా చూడలేదనిపిస్తుంది.

ఆ మెరుపుల కోసం కాగితం తెలుపును దాచుకోవాలి. మొదటి బొమ్మలో నా ఇంకో పొరపాటు తెలుపును దుబారా చెయ్యడం. పాగా తెల్లది కదా అని మొత్తం తెల్లగా వదిలేశాను. కంటి తెల్లగుడ్డు తెల్లది కదా అని అదీ వదిలేశాను. రెండో ప్రయత్నంలో ఒక అట్టకు రెండు చిన్న చిల్లులు పెట్టి ఫొటో మీద ఆనించాను. ఒక చిల్లులో పాగా నీడ వైపు, ఇంకో చిల్లులో నుదుటి వెలుగు వైపు కనబడేలా. పక్కన ఉన్నవన్నీ అట్ట కింద దాగిపోయాక చూస్తే, తెల్ల పాగా నీడభాగం గోధుమ రంగు నుదుటి కంటే ముదురుగా ఉంది. గుడ్డ తెల్లదని మనకు తెలుసు కాబట్టి కన్ను అబద్ధం చెబుతుంది. కంటి తెల్లగుడ్డు మీద పైరెప్ప నీడ మామూలుగా ఉంటుంది, దాన్ని బూడిద రంగులోనే వెయ్యాలి. తెల్లగా వదిలితే ఆ మనిషి భయపడి చూస్తున్నట్టుంటాడు.

షేడింగు మొత్తం ఐదు మెట్లలోనే కట్టుకున్నాను. కళ్లు సగం మూసి చూస్తూ, ముందు ముఖాన్ని వెలుగు వైపు, నీడ వైపు అని రెండు ముక్కలు చేశాను. నీడ ముక్కనంతా 2బి పెన్సిల్‌తో ఒకే పొరగా నింపేశాను. ముడతలు లేవు, గడ్డం లేదు. ఈ దశలో మూడు మీటర్ల దూరం వెళ్లి చూస్తే సరంగు కనబడాలి. కనబడకపోతే ఎన్ని ముడతలు వేసినా రాడు. కనబడ్డాడు. అప్పుడు మధ్య ఛాయలు, ఆ తర్వాత ముక్కు రంధ్రాలకు, పాగా మడతల లోతులకు 6బి.

ముడతలు ఆఖర్న. స్కెచ్‌లో ముడత ఒక గీత. చర్మం మీద ముడత గీత కాదు, చిన్న కాలవ. దానికి ఒక గట్టు వెలుగును పట్టుకుంటుంది, ఇంకో గట్టు నీడలో ఉంటుంది. గీతలా వేస్తే కత్తిగాటు అవుతుంది. ముఖం చుట్టూ ఉన్న గీతలు కూడా అంతే. నీడ వైపు చెంప గీతను నేను పూర్తిగా తీసేశాను, వెనకాల చీకటిలో చెంప కలిసిపోయింది. వెలుగు వైపు గీత, రెండు రంగులు కలిసే హద్దు అయింది. పూర్తయిన బొమ్మలో స్కెచ్‌లోని గీత ఒక్కటీ మిగలలేదు. అయినా అన్నీ ఉన్నాయి.

నెరిసిన గడ్డానికి ఒక పాత కిటుకుంది. షేడింగు వెయ్యకముందే మొద్దుబారిన సూదితో కాగితం మీద రంగు లేకుండా వెంట్రుకలు నొక్కుతూ పోవాలి. తర్వాత పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దితే, ఆ గాళ్లలోకి గ్రాఫైట్ దిగదు. తెల్ల వెంట్రుకలు వాటంతటవే మిగులుతాయి. ముందే నొక్కాలి కాబట్టి, ఏ వెంట్రుక ఎటు మొలిచిందో అప్పటికే తెలిసి ఉండాలి. ఆ సంగతి మాత్రం పెదనాన్న గడ్డాన్ని చూసే వేశాను, ఉన్నదున్నట్టుగా.

ఫొటో ఆసరా తీసుకోవడం చిన్నతనమని కొందరు అంటారు. కానీ అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ 1930ల నడుమ నుంచీ తన బొమ్మలకు ఫొటోలు తీయించుకున్నారు. ఇరుగుపొరుగువాళ్లను తెచ్చి, తను ముందే ఊహించుకున్న భంగిమలో నిలబెట్టి తీయించేవారు. ఒక బొమ్మకు చాలా ఫొటోలు తీయించి, ఒకదాంట్లోంచి చెయ్యి, ఇంకోదాంట్లోంచి ముఖం తీసుకునేవారు. రంగుల్లోకి దిగేముందు బొగ్గుతో నిండు పరిమాణంలో బొమ్మ గీసుకునేవారు. ఊహ ముందు, ఫొటో తర్వాత. ఆ వరస తలకిందులైనప్పుడే నాకు నష్టం జరిగింది.

రెండో బొమ్మ పూర్తయ్యాక అద్దంలో చూశాను. అద్దంలో బొమ్మ ఎడమ కుడి అవుతుంది, అలవాటుపడిన కంటికి కొత్తగా కనబడి తప్పులు బయటపడతాయి. ఎడమ కన్ను కాస్త కిందికి జారి ఉంది, సరిచేశాను. తర్వాత ఏమీ చెప్పకుండా తీసుకెళ్లి పెదనాన్న చేతిలో పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. పాగా మీద వేలు పెట్టి, "ఇది నువ్వు నాకు చుట్టిందే కదరా" అన్నారు. తర్వాత ముఖం వైపు చూసి అడిగారు, "ఈయనెవరు, ఏ ఊరాయన?"